నలభై ఎనిమిది ఉండలు

మా మామకు ఫోనులో ఏం చెప్పినా లెక్క లేదు. పెనుకొండలో ఆయనది మూలికల అంగడి. ముప్పై ఏళ్లుగా జనం వైద్యుడి దగ్గర చీటీ రాయించుకుని వస్తే ఆ చీటీ చూసి వేర్లూ, బెరళ్లూ పొట్లాలు కట్టిచ్చిన మనిషి. నోటితో అడిగితే "యాడ రాసిచ్చినారు, సూపియ్యి" అంటాడు. అందుకే ఆయనకు హెర్నియా ఆపరేషన్ ఖాయమైందని తెలిసినప్పుడు, ఆయుర్వేదం ఆఖరి సంవత్సరం చదువుతున్న నేను కాగితం మీద జాబు రాశాను. ఈ కాలంలో జాబేమిటని హాస్టల్లో అందరూ నవ్వారు. నవ్వనీ, మా మామ సంగతి వాళ్లకేం తెలుసు అనుకున్నాను.

నాకు చెట్ల పిచ్చి పట్టించింది ఆయనే. ధర్మవరంలో మా ఇంట్లో ఎటు చూసినా మగ్గం చప్పుడే. వేసవి సెలవులకు పెనుకొండ వెళ్తే మామ అంగడిలో చప్పుడు ఉండేది కాదు, వాసన ఉండేది. కళ్లు మూయించి నా ముక్కు దగ్గర ఒక్కో వేరూ పెట్టి పేరు చెప్పమనేవాడు. తప్పు చెబితే మళ్లీ వాసన చూపించేవాడు, విసుక్కునేవాడు కాదు. విసుక్కోవడం నా గుణం. అది మా నాయన వైపు నుంచి వచ్చిందని మా అమ్మ అంటుంది.

హెర్నియా సంగతి ఆయన రెండేళ్లు దాచాడు. గజ్జల్లో ఉబ్బు కనబడకుండా పంచె పైకి కట్టుకునేవాడు. ఒకరోజు బస్తా ఎత్తబోయి అక్కడే కూలబడ్డాక అత్త ఊరుకోలేదు. హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించారు. సర్జన్ మూడు వారాల తర్వాతి రోజు ఇచ్చాడు. నేను ఆ వార్త విన్న సాయంత్రమే జాబు మొదలుపెట్టాను. ఆపరేషన్ అంటే ఆయన భయపడేది కత్తికని నాకు తెలుసు. నేను భయపడింది అంగడికి. ఆ అంగడిలో ఉన్న డబ్బాలన్నిటిలోనూ చేయి పెట్టి నోట్లో వేసుకునే మనిషి ఆయన.

జాబు నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో ఇలా రాశాను:

"మామా, నీకు తెలియని చెట్టు పేరు ఒక్కటి కూడా నేను ఇందులో రాయడం లేదు. కానీ అవి కోతకు ముందు ఏం చేస్తాయో మాకు వేరేగా చెప్పారు, అది రాస్తున్నాను. కోసిన చోట రక్తం తనంతట తాను గడ్డకట్టాలి. అలా గడ్డకట్టడానికి రక్తంలో చిన్న కణాలు ఉంటాయి, అవి ఒకదానికొకటి అతుక్కుంటేనే కారడం ఆగుతుంది. వెల్లుల్లి మందుగా తింటే ఆ అతుక్కోవడాన్ని తగ్గిస్తుంది. శొంఠి, పసుపు కూడా ఎక్కువ మోతాదులో అలాగే చేయవచ్చు. వాటి సంగతి వెల్లుల్లి అంత రూఢిగా తెలియదు కానీ, అనుమానం ఉన్నదాన్ని కోతకు ముందు వదిలేయడమే మంచిది. కూరలో వేసుకునే నాలుగు రెబ్బల గురించి కాదు నేను చెప్పేది. లేహ్యం, చూర్ణం, కషాయం, వీటి గురించి.

"అశ్వగంధ నిద్ర పట్టిస్తుందని నువ్వే అమ్ముతావు. ఆసుపత్రిలో ఇచ్చే మత్తుకు అది తోడైతే మత్తు లోతైపోవచ్చు. పొడపత్రి, కాకర పొడి, మెంతుల పొడి చక్కెర దించుతాయి. ఆపరేషన్ రోజు పొద్దున్నుంచి ఏమీ తినవు కదా, అప్పుడు చక్కెర మరీ పడిపోతే మత్తులో ఉన్నవాడికి కళ్లు తిరుగుతున్నాయని చెప్పుకునే దారి కూడా ఉండదు. అతిమధురం రోజుల తరబడి తింటే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది, గుండె కొట్టుకోవడంలో తేడా వస్తుంది. ఇవన్నీ మంచి మందులే. మంచివి కాబట్టే పనిచేస్తాయి, పనిచేస్తాయి కాబట్టే ఆపాలి. ఈ రోజు తిని రేపు మానితే చాలదు, వాటి బలం ఒంట్లోంచి దిగడానికి రోజులు పడుతుంది. అందుకే రెండు వారాల ముందు అంటారు. ఈ జాబు చేరిన రోజే అన్నీ ఆపేసెయ్యి. ఇంగ్లీషు మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు ఆపొద్దు, అవి ఏవి ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్తాడు."

చిత్తు ప్రతిలో దీని తర్వాత ఇంకొక వాక్యం ఉండింది. "ఇన్నాళ్లూ ఏమేం తిన్నావో, ఎంత తిన్నావో, మత్తు ఇచ్చే డాక్టరుకు దాచకుండా చెప్పు" అని. శుభ్రంగా తిరగరాసేటప్పుడు దాన్ని వదిలేశాను. ఆయన ఎలాగూ ఆపేస్తాడు, చెప్పాల్సిన పనేముంది అనుకున్నాను. ఇది నేను ఇన్నాళ్లు చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరు. అంతకు నెల ముందే ఒక పెద్దాసుపత్రి చూడ్డానికి మా క్లాసును తీసుకెళ్లారు. అక్కడొక సర్జన్ మమ్మల్ని చూసి "వీళ్లా, ఆకులమ్మేవాళ్లు" అని పక్కనున్నవాడితో అన్నాడు. నాకు చెవులు మండాయి. మా మామ అలాంటి ఒక డాక్టరు ముందు కూర్చుని తన డబ్బాల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోవడం, ఆ డాక్టరు నవ్వడం, అది నా కళ్లకు కట్టింది. ఇంటి సంగతి ఇంట్లోనే సర్దేద్దామనుకున్నాను.

జాబు చేరిన రోజు మామే ఫోను చేశాడు.

"చేరింది పాపా. రెండు తూర్లు చదివినా. మీ అత్తకూ చదివి వినిపించినా. బాగా రాసినావు."

"ఆపేస్తావు కదా మామా?"

"ఆపరేషన్ నాటికి ఒంట్లో ఏమీ లేకుండా చేస్తా. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు."

ఆ మాటలో ఉన్న తేడా నాకు అప్పుడు తగల్లేదు. ఆపేస్తానని ఆయన అనలేదు. ఆపరేషన్‌కు ఇంకా పదిహేను రోజులు ఉన్నాయి.

ఆపరేషన్ ముందు రోజు నేను ధర్మవరంలో రైలెక్కాను. మామా అత్తా పెనుకొండలో అదే పెట్టెలో ఎక్కారు. మామ నా పక్కన కూర్చుని కిటికీలోంచి కొండ చూపిస్తూ, చిన్నప్పుడు దాని మీద తాను ఏ వేరు ఎక్కడ తవ్వాడో చెప్పాడు. చూపిస్తున్న చేతి మీద, మోచేతి కింద, నేరేడు పండు రంగులో ఒక మచ్చ కనబడింది. ఇంకొకటి మణికట్టు దగ్గర, పసుపు పచ్చగా మారుతూ.

"ఇదేంది మామా?"

"గోనె సంచి ఒరుసుకున్నట్లుండాది. వయసు పాపా, చర్మం పలచనైతాది గదా."

నేను చదివింది నాకు గుర్తు రావాల్సిన క్షణం అదే. రాలేదని చెప్పను. వచ్చింది. కానీ ఒంట్లో ఏమీ లేకుండా చేస్తానన్నాడు కదా, జాబు చదివాడు కదా అని దాన్ని తోసేశాను. నా జాబు మీద నాకు అంత నమ్మకం. ఎదుటి మనిషి చర్మం మీద కనబడుతున్నదాని కంటే నేను రాసిన నాలుగు పేజీలను ఎక్కువ నమ్మాను.

ఆసుపత్రిలో మధ్యాహ్నం మత్తు డాక్టరమ్మ వచ్చింది. నా కంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే అడిగింది. ఆయాసం ఉందా, కట్టుడు పళ్లు ఉన్నాయా, ఇంతకు ముందు మత్తు తీసుకున్నారా. రక్త పరీక్షలు చూసి బాగున్నాయంది. ఆ పరీక్షల్లో కణాలు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది, అవి అతుక్కుంటున్నాయో లేదో తెలియదు. ఆ సంగతి మనిషిని అడిగి తెలుసుకోవాల్సిందే. ఆమె అడిగింది కూడా.

"ఈ మధ్య నాటు మందులు గానీ, ఆకు మందులు గానీ, లేహ్యాలు గానీ ఏమైనా తీసుకున్నారా?"

నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. "మీరేం చదువుతున్నారు?" అని ఆమె నన్ను అడుగుతుందేమోనని ఆ క్షణంలో నాకు భయం వేసింది. తల దించుకుని ఫోను చూసుకుంటున్నట్లు నటించాను.

"ఏమీ లేదమ్మా" అన్నాడు మామ.

ఆమె రాసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. నడుముకు సూది వేసి కింది భాగానికి మాత్రమే మత్తు ఇస్తామని చెప్పారు. నేనూ అత్తా థియేటర్ ముందు బెంచీ మీద కూర్చున్నాం. అత్త చేతిలో ఆయన చొక్కా, కళ్లజోడు. ఏదో ఒకటి మాట్లాడాలని నేను, "జాబు రాయడం మంచిదైంది అత్తా, లేకపోతే మామ వినేవాడు కాదు" అన్నాను.

అత్త మొహం కాస్త విప్పారింది. "ఎందుకు వినడు? మండలం తెగకుండా ఎట్ల చేసినాడో తెల్సునా నీకు?"

"ఏం మండలం?"

"మోకాళ్లకు లేహ్యం పట్టినాడు గదా. వెల్లుల్లి, శొంఠి, పసుపు నూరి తేనెలో. నలభై ఎనిమిది ఉండలు, రోజుకొగటి. నీ జాబు వచ్చేనాటికి పది అయిండాయి. మండలం మధ్యలో తెగితే మందు తిరగబడతాది గదా, వదలకూడదు. నువ్వేమో ఆపరేషన్ నాటికి ఆపేయమంటివి. అందుకని మిగిలిన ముప్పై ఎనిమిదీ రోజుకు మూడు లెక్కన తిన్నాడు. పొద్దునొగటి, మధ్యాన్నమొగటి, మాపటికొగటి. పదమూడు రోజుల్లో ముగించినాడు. మొన్న మాపటికి ఆఖరుది తిని గిన్నె కడిగి బోర్లిచ్చినాడు. నీ మాటా పోలేదు, మండలమూ తెగలేదు."

అత్త దీన్ని గొప్పగానే చెప్పింది. ఆమెకు ఏం తెలుసు. పెనుకొండలో మందు తినేవాళ్లంతా అలాగే అనుకుంటారు. మండలం పడితే పూర్తి చేయాలి. చావు ఇంట్లో కూడా వేలితో మందు నాకి మండలం నిలబెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ఆచారం నాకు తెలుసు. నాకు వాసనలు నేర్పిన ఆ అంగడిలోనే విన్నాను. అయినా జాబులో, మండలం మధ్యలో ఉన్నా సరే వదిలెయ్యి, తిరగబడదు అని ఒక్క ముక్క రాయాలని నాకు తోచలేదు.

నేను లేచిన తీరుకు అత్త చేతిలోని కళ్లజోడు కింద పడింది. థియేటర్ తలుపు కొట్టాను. నర్సు తల బయట పెట్టి, కొట్టకూడదమ్మా అంది. మత్తు డాక్టరమ్మతో మాట్లాడాలన్నాను. లోపల కేసు నడుస్తోందంది. ఆ నడిచే కేసు గురించే అన్నాను. నా గొంతు విని ఆమె లోపలికి వెళ్లింది.

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి వచ్చింది. నేను ఆయుర్వేదం చదువుతున్నానని మొదట చెప్పాను. నిన్నంతా దాచిన మాట, ఇప్పుడు దానికి ఏ విలువా లేదు. తర్వాత ఉండలూ, లెక్కా, చేతి మీది మచ్చలూ చెప్పాను. ఆమె నవ్వలేదు. ఎంత సైజు ఉండ, వెల్లుల్లి పచ్చిదా ఉడికించినదా, ఆఖరుది ఎప్పుడు తిన్నాడు, చిగుళ్ల వెంట రక్తం వచ్చిందా అని అడిగింది. చిగుళ్ల మాట నాకు తెలియదు. వెనక నుంచి అత్త, "పండ్లు తోముకునేటప్పుడు నాలుగు రోజుల్నుంచి వస్తాండాది" అంది.

"సూది అయిపోయింది. కోత కూడా పెట్టేశారు" అంది డాక్టరమ్మ. "అందుకేనా లోపల రక్తం ఊటలా ఊరుతోంది. ఎక్కడా తెగిన రక్తనాళం కనబడటం లేదని సర్జన్ అంటున్నారు." మాస్కు సరిచేసుకుంటూ, "నిన్న ఒక్క మాట చెప్పి ఉంటే రెండు వారాలు వాయిదా వేసేవాళ్లం. ఇది ఆగలేని ఆపరేషన్ కాదు" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మామూలుగా చెప్పింది. రక్తం సిద్ధంగా పెట్టించమని నర్సుతో అని, తలుపు వేసుకోబోతూ నా వైపు తిరిగింది.

"రక్తం సంగతి మేం చూసుకుంటాం. ఇంకొకటి ఉంది. వెన్ను దగ్గర సూది వేసిన చోట లోపల రక్తం చేరితే, అది నరాలను నొక్కుతుంది. చాలా అరుదు. కానీ ఇప్పుడు దాన్ని కనిపెట్టి ఉండాలి. మూడు, నాలుగు గంటల్లో మత్తు దిగి కాళ్లు కదలాలి. కదలకపోతే, ముందు కదిలి మళ్లీ బలం తగ్గినా, నడుములో బాగా నొప్పి వచ్చినా, క్షణం ఆలస్యం చేయకుండా నాకు చెప్పాలి. వెంటనే స్కానింగుకు బెంగళూరు పంపాలి. గంటలు గడిస్తే కాళ్లు రావు."

గంటన్నర అనుకున్న ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. మామను బయటికి తెచ్చినప్పుడు ముఖం సున్నం కొట్టినట్లు ఉంది. కోసిన చోటి నుంచి ఒక సన్నటి గొట్టం డబ్బాలోకి పెట్టారు, అందులో ఎర్రగా చేరుతూ ఉంది. ఒక రక్తం సంచి ఎక్కుతోంది. ఆయన మెలకువగానే ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు.

అత్తకు కాళ్ల సంగతి చెప్పలేదు. దుప్పటి తీసి ఆయన పాదాల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. మోకాళ్లు బాగుపడాలని తిన్న మందు అది. కొండలెక్కిన పాదాలు, మడమలు పగిలి, బొటనవేళ్ల గోళ్లు మందంగా. నేను గిల్లాను. తెలుస్తోందా అంటే లేదన్నాడు. పన్నెండున్నరకు లేదు. ఒంటి గంటకు లేదు. నర్సు వచ్చి గొట్టం చూసి, డబ్బా మీద గీత గీసి పోయింది. ఒంటిగంటన్నరకు కూడా లేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. మండలం మీద, అత్త మీద, నన్ను ఆకులమ్మేదాన్నన్న ఆ సర్జన్ మీద. తిరిగి తిరిగి అది నా దగ్గరికే వచ్చి ఆగింది. కదుపు మామా, కదుపు అని గదమాయించాను. పక్క మంచం వాళ్లు తిరిగి చూశారు.

"కదుపుతానే ఉండా పాపా" అన్నాడాయన. "నాకు కదిలినట్లే ఉండాది."

ఏమీ కదల్లేదు.

డాక్టరమ్మ వచ్చి మోకాలి మీద తట్టి చూసింది, పాదం గీరి చూసింది. ఇంకో అరగంట చూస్తానని, అంబులెన్సును గేటు దగ్గరికి తెప్పించమని ఎవరికో చెప్పి వెళ్లింది. ఆ మాట అత్త విన్నది. ఎందుకు అంబులెన్సు అని నన్ను అడిగింది. నేను పాదం గిల్లుతూనే ఉన్నాను. ఆమె నా పక్కన నేల మీద కూర్చుని రెండో పాదం పట్టుకుంది.

రెండు కావస్తుండగా కుడి బొటనవేలు వంగింది. నేనే అలా అనుకున్నానేమోనని వంగి చూశాను. మళ్లీ వంగింది. ఎడమది ఇంకో ఇరవై నిమిషాలు తీసుకుంది. మూడింటికి రెండు మోకాళ్లూ ముడిచాడు. డాక్టరమ్మ సాయంత్రం దాకా గంటకోసారి వచ్చి పాదాలతో తన అరచేయి నొక్కించి చూసింది. అంబులెన్సును పంపించేశారు. గజ్జల్లో వాపు, నలుపు తొడ దాకా దిగి నెలకు పైగా ఉన్నాయి గానీ, ఆయన నడిచే ఇంటికి వెళ్లాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలోనే, అత్త టీ తేవడానికి వెళ్లినప్పుడు నేను ఆయన్ని మాటలతో కడిగేశాను. అంత జబ్బుతో పడుకున్న మనిషిని. చదువుకున్నవాడివి, ఇన్ని పేర్లు తెలిసినవాడివి, ముప్పై ఎనిమిది ఉండలు అలా ఎట్లా మింగావు అన్నాను. ఆయన విన్నాడు.

"తప్పు నాదే" అన్నాడు. "మూడు తినకూడదని నాకూ తెల్సు. మండలం మీద మోజు."

"పోనీ, ఆమె అడిగినప్పుడైనా ఎందుకు చెప్పలేదు మామా? నోరు తెరిచి అడిగింది కదా."

ఆయన దుప్పటి అంచు సర్దుకున్నాడు. చెప్పడం ఇష్టం లేదని నాకు తెలుస్తోంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను విసుక్కోని మనిషి, అప్పుడూ విసుక్కోలేదు.

"చెప్పల్లనే అనుకున్నా పాపా. చదువుకున్న పిల్ల ఈడనే ఉండాది, చెప్పమంటాదేమో చూద్దామని నీ మొగం చూసినా. నువ్వు తల దించుకుంటివి. చెబితే నీకు నామర్దా అనుకున్నా."